నాట్లు పడ్డాకే నోరు విప్పండి

ఇంజనీరుగారూ, కాలువ నీళ్ళు చెప్పిన తేదీకి రావని మీకు అక్టోబరులోనే తెలిసిపోయింది. కంగారుపడి అప్పుడే చెప్పేయకండి. జనగామ వైపు రైతు యాసంగి వరికి నారు పోసేది నవంబరు, డిసెంబరుల్లో. అక్టోబరులో చెబితే అతను నారు మానేసి మక్కో పల్లో వేసుకుంటాడు. పంట చేతికొస్తుంది, మీ ఆలస్యాన్ని మరిచిపోతాడు. అదే జనవరిలో, నాట్లు పడి, దున్నకానికీ ఎరువుకూ అప్పు తెచ్చాక చెప్పారనుకోండి, మీ ప్రకటనను ఊరు జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి ఆలస్యం గురించి చెప్పడంలో మొదటి సూత్రం, అది కూడా ఆలస్యంగానే చెప్పడం.

ఇక కారణం. మీ పని ఆగింది ఒక పంపు బేరింగు పాడైనందుకే కావచ్చు. ఆ ముక్క ఒక్క వాక్యంలో అయిపోతుంది, అందుకే అది పనికిరాదు. చరిత్ర దగ్గర మొదలుపెట్టండి. దేవాదుల ఎత్తిపోతలకు ఎప్పుడో రెండు దశాబ్దాల కిందట శంకుస్థాపన జరిగిందని చెప్పండి. గంగారం దగ్గర గోదావరి నీళ్ళు ఎత్తి, రామప్ప మీదుగా ధర్మసాగరానికి, అక్కడి నుంచి జనగామ ఎత్తు భూములకు చేర్చడం ఎంత కష్టమో వివరించండి. రామప్ప నుంచి ధర్మసాగరం వైపు మూడో దశ సొరంగమే దాదాపు 49 కిలోమీటర్లు. 2011లో చలివాగు దగ్గర ఆ సొరంగంలోకి నీళ్ళు విరుచుకుపడి కూలీలు చనిపోయారు, పని ఏళ్ళ తరబడి కుంటుపడింది. అది నిజమైన విపత్తు, నిజమైన కారణం. దాన్ని 2011 ఆలస్యానికి మాత్రమే వాడి వదిలేయడం మాత్రం అమాయకత్వం. ఆ తర్వాత ఏ మోటారు ఆగినా, ఏ బిల్లు పెండింగులో పడినా ముందు చలివాగు పేరెత్తండి. వినేవాడికి పాత కారణమేదో, ఈ నెల కారణమేదో తెలియకుండా పోవాలి. ఈ నెల కారణం విడిగా తెలిస్తే, అది ఎప్పుడు తీరుతుందని అడుగుతాడు.

చరిత్ర చాలకపోతే అనుమానం ఉంది. భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు 2023 అక్టోబరు 21న కుంగింది. పెద్ద శబ్దం వచ్చిందని, ఎవరైనా కావాలని చేశారేమోనని మహాదేవపూర్ పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. తర్వాత జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు వచ్చి చూసి, ప్రణాళికలో, డిజైనులో, నాణ్యత పరీక్షలో, నిర్వహణలో లోపాలున్నాయని రాశారు. పరీక్ష కాకముందే కారణం ప్రకటిస్తే ఇదీ లాభం: ఒకే సంఘటనకు రెండు కారణాలు చెలామణీ అవుతాయి, జనం ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకుంటారు. “కుంగింది, ఎందుకో ఇంకా తెలియదు, ఫలానా వాళ్ళు చూస్తున్నారు, ఫలానా తేదీకి చెప్తాం” అనడం పిరికివాళ్ళ పని.

నష్టం ఎంతో చెప్పమంటే టీఎంసీల్లో చెప్పండి. ఇంకా మంచిది శాతం. “పనులు 98 శాతం పూర్తయ్యాయి” అన్న వాక్యానికి ఎదురులేదు. 49 కిలోమీటర్ల సొరంగంలో ఒక్క కిలోమీటరు తవ్వకుండా మిగిలినా అది 98 శాతం పూర్తే, రైతుకు వచ్చే నీళ్ళు మాత్రం సున్నా. శాతం మీరు ఎంత తవ్వారో చెబుతుంది, ఎంత తడిసిందో చెప్పదు. దాని అందమంతా అందులోనే ఉంది. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు ఎండుతాయో చెప్పే లెక్క జోలికి వెళ్ళకండి.

ఈ మధ్య కొత్తగా చేరిన ఇంజనీర్లు ఎలా చెడిపోతున్నారో చూపడానికి ఒక నమూనా నేనే తయారుచేశాను. 500 ఎకరాల ఆయకట్టున్న ఒక చెరువు అనుకోండి. అక్టోబరు నెలాఖరులో గ్రామపంచాయతీ గోడకు ఈ కాగితం అంటించారు:

“ఆయకట్టు రైతులకు. డిసెంబరు 15న మన చెరువులోకి రావాల్సిన నీళ్ళు జనవరి 31 లోపు రావు. పంపు బేరింగు పాడైంది. కొత్తది ఆర్డరిచ్చాం, వచ్చి బిగించడానికి అంత కాలం పడుతుంది. ఇప్పుడు చెరువులో ఉన్న నీళ్ళు 250 ఎకరాల వరికే చాలుతాయి. అందరూ ఆరుతడి పంటలు వేస్తే అవే నీళ్ళు 500 ఎకరాలకూ సరిపోతాయి. ఏది కావాలో సోమవారం పొద్దున పంచాయతీ దగ్గర కూర్చుని తేల్చుకుందాం, నేను వస్తాను. అప్పటిదాకా నారు పోయకండి. బేరింగు డిసెంబరు 20కి రాకపోతే, ఆ రోజే ఈ గోడ మీదే రాస్తాను.”

ఎన్ని తప్పులో చూడండి. చెడ్డ కబురు మొదటి వాక్యంలోనే, తేదీతో సహా. కారణం రెండు ముక్కల్లో, అందులో కాంట్రాక్టరును గానీ పాత ప్రభుత్వాన్ని గానీ తిట్టలేదు. నష్టం ఎకరాల్లో, అదీ తన పొలం ఏ వాటాలో ఉందో రైతు చూసుకునేట్టు. పైగా కొత్త తేదీ కూడా తప్పొచ్చని ముందే ఒప్పుకుని, అది తేలే రోజు కూడా ఇచ్చేశాడు! చదివినవాడు తిట్టుకుంటాడు, నిజమే. కానీ సోమవారం వస్తాడు, వాదిస్తాడు, మక్క విత్తనాలకు పోతాడు. ఇక సిద్దిపేట రోడ్డు మీద బైఠాయించేదెవరు? మీకు పత్రికలో పేరు వచ్చేదెలా?

రైల్వేవాళ్ళ సావాసం కూడా చేయకండి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. వాళ్ళు ఎక్కడ తెగిందో చెప్పారు, రద్దయిన రైళ్ళ పేర్లు నంబర్లతో ఇచ్చారు, దారి మళ్ళించినవి ఎటు పోతాయో చెప్పారు, జాబితాను పదేపదే మార్చి ఇచ్చారు. ప్రయాణికుడు తన రైలు నంబరు వెతుక్కుని బస్సెక్కాడు. వరద మీద కోపం తెచ్చుకోవడం తప్ప అతనికి వేరే పని లేకుండా చేశారు.

సవరించిన ప్రణాళిక దగ్గర “త్వరలో”, “యుద్ధప్రాతిపదికన” అన్న రెండు మాటలు చాలు. తేదీ ఇవ్వక తప్పకపోతే, పంపు పరీక్ష నడిపి చూడకముందే మంత్రిగారి పర్యటన తేదీని నీళ్ళ తేదీగా ప్రకటించండి. పంపుహౌస్‌లో పైపు నింపడం, గాలి వదిలించడం, వాల్వులు చూడడం, మోటారును మెల్లగా వేగానికి తేవడం వేదిక కట్టినంత తొందరగా జరగవు. ఏ దశలోనైనా ఆగితే అందరి ముందే ఆగుతుంది. అప్పుడు “సాంకేతిక సమస్య” అనండి. అది వివరణలా వినిపిస్తుంది, దేన్నీ వివరించదు.

కబురు ఎవరి నోట వెళ్ళాలో మరిచిపోయాను. ముందు విలేకరులకు, తర్వాత నాయకులకు, చివరికి ఎవరికీ కాదు. తూము దగ్గర ఉండే లష్కరుకు అసలే చెప్పకండి. రాత్రి టార్చిలైటు పట్టుకుని వచ్చిన రైతులు “నీళ్ళెప్పుడన్నా?” అని అడిగేది అతన్నే. అతనికి తెలిస్తే నిజం చెప్పేస్తాడు.

దేవాదుల పథకంలోని దేవన్నపేట పంపుహౌస్‌లో మొదటి మోటారు 2025 మార్చిలో తిరిగింది. అప్పటికి శంకుస్థాపన జరిగి రెండు దశాబ్దాలు దాటింది, జనగామ పొలాల్లో ఆ యాసంగి వరి కోతకు మిగిలింది నెలా నెలన్నర. ఈ ఏడాది ప్రకటన ఇంకా మీ బల్ల మీదే ఉంటే, పై సలహాలన్నీ పాటించి సంక్రాంతి దాకా అక్కడే ఉంచండి. లేదు, నారు పోయకముందే గోడకు అంటించారంటే, సోమవారం పొద్దున పంచాయతీ దగ్గరికి మీరూ రావాలి మరి.