గ్రేటింగ్ వైవా: సీనియర్ల సలహాల్లో వినకూడనివి

ఫిజిక్స్ ప్రాక్టికల్స్ దగ్గర పడేసరికి హాస్టల్ గదుల్లో ఒక జిరాక్సు కాగితం చేతులు మారుతుంది. వివర్తన గ్రేటింగ్‌తో పాదరస దీపపు రేఖల తరంగదైర్ఘ్యాలు కనుక్కునే ప్రయోగానికి వైవా ప్రశ్నలు, పక్కనే మోడల్ జవాబులు. కింద సీనియర్లు చేత్తో రాసిన సలహాలు ఉంటాయి. జవాబులు చాలావరకు పుస్తకంలోవే. ముంచేవి ఆ సలహాలు.

వాటిలో మొదటిది: “ఆకుపచ్చ రేఖ 546.1 నానోమీటర్లు అని గుర్తుపెట్టుకో. కోణం వెనక్కి లెక్కేసి టేబుల్లో రాసెయ్.” ఇలా చేసినవాళ్లు పట్టుబడేది పెద్ద ప్రశ్న దగ్గర కాదు, “ఈ గ్రేటింగ్ మీద ఎన్ని గీతలు?” అన్న చిన్న ప్రశ్న దగ్గర. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్‌లో పక్కపక్క గీతల మధ్య దూరం d సుమారు 1693 నానోమీటర్లు. d sinθ = nλ లో వేస్తే మొదటి ఆర్డరులో ఆకుపచ్చ రేఖ 18°49' దగ్గర పడుతుంది. సెంటీమీటరుకి 6,000 గీతలున్న గ్రేటింగ్ అయితే అదే రేఖ 19°8' దగ్గరికి వెళుతుంది. రెండు గ్రేటింగులూ కంటికి ఒకేలా ఉంటాయి, ఒకే అలమరలో ఉంటాయి. పాత రికార్డులోంచి కోణం దించుకున్న విద్యార్థి టేబుల్లో 19°8' ఉంటుంది, అతని బల్ల మీద 15,000 గీతల గ్రేటింగ్ ఉంటుంది. నిమిషం వరకు చదవగలిగే వెర్నియర్ మీద పంతొమ్మిది నిమిషాల తేడా దాగదు. “టెలిస్కోపుని ఆకుపచ్చ రేఖ మీద పెట్టి చూపించు” అంటే చాలు.

రెండో సలహా ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వినడానికి సగం నిజంలా ఉంటుంది. “లంబపతనానికి సెట్ చేయడం టైం దండగ. గ్రేటింగ్‌ని కంటితో నిటారుగా పెట్టు. కుడి ఎడమల సగటు తీస్తే తప్పు పోతుంది” అని. వైవాలో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే, కాబట్టి ఇది కాస్త నిదానంగా చూడాలి.

సూత్రం d sinθ = nλ వర్తించేది కాంతి గ్రేటింగ్ మీద లంబంగా పడినప్పుడే. దానికోసం మొదట టెలిస్కోపుని కొలిమేటరుకి ఎదురుగా పెట్టి స్లిట్ ప్రతిబింబాన్ని క్రాస్‌వైర్ మీదకి తెచ్చి రీడింగు రాసుకుంటాం. టెలిస్కోపుని సరిగ్గా 90° తిప్పి బిగిస్తాం. ప్రిజం టేబుల్ మీద గ్రేటింగ్ పెట్టి, టేబుల్‌ని మాత్రమే తిప్పుతూ, గ్రేటింగ్ ముఖం నుంచి పరావర్తనమైన స్లిట్ ప్రతిబింబం క్రాస్‌వైర్ మీదకి వచ్చేదాకా చూస్తాం. వచ్చిందంటే పతన కోణం 45°. అక్కడినుంచి టేబుల్‌ని తగిన దిశలో 45° తిప్పి బిగిస్తే కాంతి లంబంగా పడుతుంది. “ఆ 45 ఎక్కడిది?” అని అడిగితే జవాబు ఇదే: కొలిమేటరుకీ టెలిస్కోపుకీ మధ్య 90° ఉంది, పతన కోణం పరావర్తన కోణానికి సమానం, కాబట్టి అందులో సగం.

ఇదంతా వదిలేసి కంటితో పెట్టాడనుకుందాం. గ్రేటింగ్ 3° వాలింది. కంటితో పెడితే ఆ మాత్రం వాలు తేలికగా వస్తుంది. అప్పుడు అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్‌లో ఆకుపచ్చ రేఖ ఒకవైపు 18°40' దగ్గర, ఇంకోవైపు 19°1' దగ్గర కనబడుతుంది. మొదటిదాంతో లెక్కేస్తే 542 నానోమీటర్లు, రెండోదాంతో 552. సగటు కోణంతో లెక్కేస్తే దాదాపు 547 వస్తుంది. సగటు కాపాడిందని సీనియర్ అనేది దీన్ని చూసే. నిజమే, తప్పులో ఎక్కువ భాగం సగటులో కొట్టుకుపోతుంది. మొత్తం పోదు. మిగిలినది వాలు పెరిగేకొద్దీ పెరుగుతుంది, ఆర్డరు పెరిగినా పెరుగుతుంది. పైగా రెండు వైపుల రీడింగుల మధ్య ఇరవై ఒక్క నిమిషాల తేడా టేబుల్లో అలాగే కూర్చుని ఉంటుంది. “ఇది ఎందుకు వచ్చింది?” అన్న ప్రశ్నకి “సగటు తీశాను సార్” అన్నది జవాబు కాదు. “గ్రేటింగ్ లంబంగా లేదు, వాలు ఉన్నప్పుడు పతన కోణం కూడా సమీకరణంలోకి వస్తుంది” అన్నది జవాబు. ఇంకా మంచిది, తేడా కనబడగానే మళ్లీ సెట్ చేసుకోవడం. కుడి ఎడమలు ఒకటి రెండు నిమిషాల్లో కలిస్తే లంబపతనం కుదిరినట్టే.

రెండు వెర్నియర్లు ఎందుకని అడిగితే “కచ్చితత్వం పెరగడానికి” అని చెప్పమంటుంది ఆ కాగితం. అది తప్పించుకునే మాట. స్కేలు కేంద్రమూ టెలిస్కోపు తిరిగే అక్షమూ ఒకే బిందువులో లేకపోతే ఒక వెర్నియర్ ఎంత ఎక్కువ చూపిస్తుందో ఎదుటిది దాదాపు అంత తక్కువ చూపిస్తుంది. సగటులో ఆ ఉత్కేంద్రత దోషం పోతుంది. అందుకే ప్రతి వరుసలోనూ V1, V2 మధ్య సరిగ్గా 180° రాసుకొచ్చిన రికార్డు అనుమానం పుట్టిస్తుంది. రెండో వెర్నియర్ చూడకుండానే రాశాడని అర్థమవుతుంది. స్కేలు సున్నా దాటినప్పుడు చేసే తీసివేత కూడా ఇక్కడే బయటపడుతుంది. ఎడమ రీడింగు 350°12', కుడిది 27°50' అయితే 2θ అంటే 322 కాదు. కుడిదానికి 360 కలిపి తీసేస్తే 37°38'. సగం 18°49'.

పసుపు రేఖలు రెండుగా విడిపోలేదంటే “గ్రేటింగ్ పాతది, పృథక్కరణ సామర్థ్యం చాలదు” అని చెప్పమంటారు. ఈ జవాబు లెక్క ముందు నిలబడదు. ఆ రెండు రేఖలు 577.0, 579.1 నానోమీటర్లు. వాటిని విడదీయడానికి మొదటి ఆర్డరులో కాంతి పడాల్సింది సుమారు 275 గీతల మీదే. ఈ గ్రేటింగ్‌లో అది అర మిల్లీమీటరు వెడల్పు కూడా కాదు. కాంతి అంతకంటే ఎన్నో రెట్లు వెడల్పున పడుతుంది. అసలు కారణం సాధారణంగా స్లిట్. రెండు రేఖల మధ్య కోణం నాలుగున్నర నిమిషాలు. కొలిమేటరు లెన్సు నాభ్యంతరం 18 సెంటీమీటర్లయితే స్లిట్ పావు మిల్లీమీటరు దాటగానే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. స్లిట్ సన్నం చెయ్యి, ఫోకస్ సరిచూడు, విడిపోతాయి. గీతల సాంద్రత వేరు, కాంతి పడిన మొత్తం గీతల సంఖ్య వేరు. పృథక్కరణ సామర్థ్యం nN లో N రెండోది. ఈ తేడా చెప్పగలిగితే పరీక్షకుడు ఆ ప్రశ్నని అక్కడితో వదిలేస్తాడు.

మూడో ఆర్డరు గురించి కూడా “కాంతి తక్కువ, అందుకే కనబడదు” అనేస్తారు. పసుపుకి అసలు మూడో ఆర్డరే లేదు. d ని 579తో భాగిస్తే 3 కంటే తక్కువ వస్తుంది, sinθ ఒకటి దాటాల్సి వస్తుంది. ఆకుపచ్చకి మాత్రం ఉంది, 75° దాటాక.

కాబట్టి ఆ జిరాక్సు కాగితం ఎంత చదివినా పరవాలేదు, సలహాల దగ్గర ఆగిపోండి. పరీక్ష ముందు రోజు ల్యాబ్ తెరిచి ఉంటే వెళ్లి, 45° సెట్టింగు ఒక్కసారి ఎవరి సాయమూ లేకుండా చేసి, ఆకుపచ్చ రేఖ రెండు వైపులా ఎంత కోణంలో ఉందో చూసుకుని రండి.