రెండో మైకు

జనగామలో ఆగస్టు 15 కావచ్చు, మహబూబాబాద్‌లో జూన్ 2 కావచ్చు, భూపాలపల్లిలో జనవరి 26 కావచ్చు. మైదానంలో షామియానా గుంజలు పాతకముందే మైక్ సారు దిగుతారు. పేరు అడగకండి, ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒకరుంటారు. ఉద్యోగం తెలుగు పండితులు, ఇష్టం వ్యాఖ్యానం. గంజి పెట్టిన తెల్ల లాల్చీ, చంకలో ఫైలు, బుగ్గన కరక్కాయ ముక్క. మైకు పనిచేస్తుందో లేదో చూడడానికి అందరూ "హలో, హలో" అంటారు. సారు మాత్రం సీసపద్యం ఎత్తుకుంటారు. సౌండు బాక్సుల పిల్లగాడు "అస్తున్నది సార్, ఇగ సాలు" అని మొత్తుకున్నా పద్యం పూర్తయ్యేదాకా దిగరు.

సారుకు మహర్దశ పట్టింది 2016 అక్టోబర్ 11న. అప్పటిదాకా వరంగల్ జిల్లాకంతటికీ ఒకటే పరేడ్, ఒకటే వేదిక, ఒకటే వ్యాఖ్యాతల జంట. ఆ రోజు జిల్లా ఐదు ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. కలెక్టరేట్లు పుట్టాయి, పరేడ్లు పుట్టాయి, వ్యాఖ్యాతల కొరత పుట్టింది. అన్ని జిల్లాల్లోనూ జెండా ఎగిరేది ఒకే పొద్దున, దాదాపు ఒకే గంటకు. ఒక్క జంటతో ఐదు జిల్లాలు నెట్టుకురావడం కుదరదు. ఇన్నాళ్లూ బడి వార్షికోత్సవాలతో సరిపెట్టుకున్న మైక్ సార్లందరికీ అలా జిల్లాస్థాయి హోదా వచ్చిపడింది.

హోదాతో పాటు ఒక చిక్కు కూడా వచ్చింది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు ఉంటే బాగుంటుందని పైవాళ్లు అన్నారు. అట్లా సాంఘికశాస్త్రం చెప్పే మేడం రెండో మైకు దగ్గరికొచ్చారు. సారు కాదనలేదు. పెద్దమనసుతో స్క్రిప్టు తామే రాసి, పంపకం కూడా తామే చేశారు. బేసి వాక్యాలు సారువి, సరి వాక్యాలు మేడంవి. "చెరిసగం మేడం, ఎవరికీ అన్యాయం జరగొద్దు" అన్నారు. వాక్యాలు చాలకపోతే మధ్యలోకి విరిచి మరీ పంచారు.

ఆ పంపకం సంగతి శకటాల ప్రదర్శనలో తేలింది. ముందుగా వచ్చింది కాళేశ్వరం గుడి నమూనా.

"గోదావరి, ప్రాణహిత కలిసే చోట వెలసిన కాళేశ్వరంలో..." అన్నారు సారు.

"ఒకే పానవట్టం మీద..." అన్నారు మేడం.

"రెండు శివలింగాలు!"

"ఒకటి ముక్తీశ్వరుడు..."

"రెండోది కాళేశ్వరుడు..."

"అంటే..."

"సాక్షాత్తూ యముడు!"

మాట చేతులు మారిన ప్రతిసారీ అర సెకను పోయింది. ఆ అర సెకన్లన్నీ కలిసేసరికి శకటం మైదానం దాటేసింది. "సాక్షాత్తూ యముడు" అని సారు గొంతు ఖంగుమనే సమయానికి వేదిక ముందు ఉన్నది వ్యవసాయ శాఖ ట్రాక్టరు. దాని మీద నిలబడి చెయ్యి ఊపుతున్న అధికారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

సాయంత్రం మేడం మెల్లగా అన్నారు, "సార్, వాక్యాలు పంచుకోవద్దు. సంగతులు పంచుకుందాం. బండి మీద జనానికి కండ్లకు కనబడేది నేను చెప్తా. కనబడని కథ మీరు చెప్పండి." అంటే మేడం "వస్తున్నది కాళేశ్వరం ఆలయం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి ఇది" అని ఆపుతారు. సారు "ఆ రెండింటిలో ఒకటి ముక్తీశ్వరుడిది, రెండోది యముడిది" అని అందుకుని, నదుల సంగమం దాకా తామే తీసుకుపోతారు. ఆరు చేతుల మార్పిడి ఒక్కటిగా తగ్గింది. ఆ ఒక్క చోట కూడా అతుకు కనిపించదు. ఎందుకంటే సారు మొదటి మాట "ఆ రెండింటిలో". అది మేడం చెప్పిన "రెండు లింగాల" కొసను పట్టుకునే పుట్టింది. గొంతు మారింది గానీ మాట మారలేదు. వినేవాడికి కావాల్సింది అదే.

సారు ఒప్పుకున్నారు. కానీ సారుకు ఇంకో జబ్బుంది. తెలుగు వాక్యానికి క్రియ చివరన వస్తుంది గదా, అది వస్తేనే పక్కవాళ్లు అందుకోగలరు. సారు దాన్ని రానివ్వరు. "పాలకుర్తి గడ్డ మీద సోమనాథుడు పుట్టి, పక్కనే బమ్మెరలో పోతన పొలం దున్ని, ఇటు పెంబర్తిలో ఇత్తడికి ప్రాణం పోసి, అటు కురవిలో వీరభద్రుడు కొలువై, బయ్యారంలో ఇనుపరాయి దొరికి..." మేడం ప్రతి 'ఇ'కారం దగ్గరా ఊపిరి పీల్చుకుని, మైకు పైకెత్తి, మళ్లీ దించి, ఊపిరి వదిలేస్తున్నారు. చూసేవాళ్లకు ఆమె ప్రాణాయామం చేస్తున్నట్టుంది. చివరికి ఉండబట్టలేక ఒకచోట అందుకున్నారు. సరిగ్గా అప్పుడే సారు క్రియ కూడా వచ్చింది. రెండు గొంతులూ ఢీకొన్నాయి. "మీరు చెప్పండి", "లేదు సార్ మీరే", "అయ్యో మీరే" అని ఆ మర్యాద కాస్తా జిల్లా అంతటికీ వినిపించింది.

దీనికి మేడం కనిపెట్టిన మందు ఎర్ర పెన్ను. ఇద్దరి చేతిలోనూ మొత్తం స్క్రిప్టు ఉంటుంది, ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉండడం కాదు. సారు వంతు ముగిసే ప్రతిచోటా ఆఖరి మూడు మాటల కింద ఎర్ర గీత. "మధ్యల మీరు ఏమన్న కలుపుకోండి సార్, పద్యం పాడుకోండి. ఈ మూడు మాటలు మాత్రం మార్చొద్దు. అవి ఇనబడంగనే నేను ఊపిరి తీసుకుంట." ఆ మూడింటిలో చివరిది పూర్తి క్రియ అయి తీరాలి. 'పుట్టి', 'దున్ని' కుదరవు, 'పుట్టాడు', 'దున్నాడు' కావాలి. తెలుగు పండితులకు సమాపక క్రియ గురించి సాంఘికశాస్త్రం మేడం పాఠం చెప్పడం సారుకు గుచ్చుకుంది గానీ, ఎర్రగీత ముందు పద్యాలకు అనుమతి ఉంది గనుక ఊరుకున్నారు.

మూడో జబ్బు మొండిది. మాట అప్పగించేటప్పుడు సారు ఊరికే అప్పగించరు. "ఇప్పుడు నా సహ వ్యాఖ్యాత్రి, విదుషీమణి, మృదుభాషిణి..." అని సన్మానపత్రం చదువుతారు. మేడం చెప్పి ముగించగానే "మేడం గారు ఎంత చక్కగా సెలవిచ్చారు!" అని, ఆమె చెప్పిందంతా మళ్లీ చెబుతారు. ఒక్కో అతుకు దగ్గర పావు నిమిషం. అలాంటి అతుకులు ఇరవై ఉంటే ఐదు నిమిషాలు. ఎండలో వరుసగా నిలబడ్డ ఎన్‌సీసీ పిల్లలను అడగండి, ఐదు నిమిషాలంటే ఎంతో చెబుతారు.

ఇక్కడ మేడం వాదించలేదు. "సార్, చిన్నప్పుడు ఒగ్గుకథ చూడలేదా?" అని అడిగారంతే. జనగామ పక్కన మాణిక్యపురం చుక్క సత్తయ్య ఊరు. 2017లో కన్నుమూసేదాకా ఒగ్గుకథకు ఆయన పేరే చిరునామా. ఆ కథనం చూసినవాళ్లెవరికైనా వంతపాటగాడు గుర్తుంటాడు. బీరప్ప కథో మల్లన్న కథో నడుస్తుంటే కథకుడు ఒక మాట అని వదులుతాడు. వంతపాటవాడు దాని కొసను పట్టి సాగదీస్తాడు, లేదంటే "ఏమన్నదే తల్లి?" అన్నట్టు ఒక్క ప్రశ్న వేస్తాడు. ఆ కాసేపట్లో కథకుడు ఊపిరి తీసుకుని తర్వాతి మాట సిద్ధం చేసుకుంటాడు. "ఇప్పుడు నా వంతపాటగాడు మాట్లాడతాడు" అని కథకుడు అనడు. "మా గురువు ఎంత చక్కగా చెప్పాడు" అని వంతపాటవాడు అనడు. వంత వేసే ప్రశ్న కూడా ఎదురుగా కూర్చున్న ముసలవ్వ మనసులో ఉన్నదే. అందుకే రాత్రంతా కథ ఇద్దరు చెప్పినట్టుండదు.

సారు చిన్నబోయారు. ఒగ్గుకథ మీద ఆయన రేడియోలో ప్రసంగం కూడా చేసి ఉన్నారు మరి.

ఆ దెబ్బతో మిగతా షరతులకూ తలూపారు. ఒకటి, ప్రముఖుల పేర్ల జాబితా ఎప్పుడూ ఒకే నోట. జాబితాను ఇద్దరూ పంచుకుంటే "గౌరవనీయులు" రెండుసార్లు పడడమో, ఒకరి పేరు మధ్యలో జారిపోవడమో ఖాయం. జారిపోయిన పెద్దమనిషి మళ్లీ ఏడాదిదాకా మరిచిపోడు. రెండు, వేదిక మీద నుంచి వచ్చే చీటీ మాట్లాడుతున్నవాళ్ల చేతికి ఇవ్వొద్దు, ఊరుకున్నవాళ్లకు ఇవ్వాలి. చదివి, సంగతి గ్రహించి, తమ వంతు రాగానే వాళ్లే మాటల్లో కలిపేస్తారు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే ఖాళీ నింపే పూచీ కూడా వాళ్లదే. మూడు, నోటికీ మైకుకూ మధ్య దూరం ఇద్దరికీ ఒకటే, నాలుగు వేళ్లు. సారు మైకును పెదాలకు ఆనించి గర్జించి, మేడం జానెడు దూరంలో పలికితే, స్క్రిప్టు ఎంత బాగా అతికినా వినడానికి పక్కింటివాళ్లు మాట్లాడుకున్నట్టుంటుంది. వంతు అయిపోయినవాళ్లు మైకును నడుము దగ్గరికి దించాలి గానీ సౌండు బాక్సు వైపు తిప్పకూడదు. తిప్పితే 'కుయ్' మనే మూడో వ్యాఖ్యాత వస్తాడు.

రిహార్సల్ కూడా మారింది. మునుపు సారు మొత్తం స్క్రిప్టు రెండుసార్లు చదివించేవారు, రెండోసారికి గొంతు బొంగురుపోయేది. ఇప్పుడు అతుకులే చదువుతారు. ఒకరి ఆఖరి వాక్యం, ఇంకొకరి మొదటి వాక్యం, మళ్లీ ఇంకో అతుకు. ఇరవై అతుకులకు పది నిమిషాలు చాలు. దాన్ని ఫోనులో రికార్డు చేసి, కండ్లు మూసుకుని వింటారు. దగ్గడానికి సందు దొరికేంత ఖాళీ ఎక్కడ వినిపిస్తే అక్కడ ఎర్ర పెన్ను మళ్లీ పడుతుంది.

ఈమధ్య జూన్ 2 సభ చివరిదాకా ఇట్లాగే నడిచింది. జనం మెచ్చుకున్నారు. షామియానా విప్పే అతను కూడా వచ్చి "ఒక్కలే సదివినట్టున్నది సార్" అన్నాడు. సారు ముఖం వాడిపోయింది. ఇంటికెళ్లి స్క్రిప్టు తీసి లెక్కపెట్టారు. మేడం వాక్యాలు తమ వాక్యాల కంటే రెండు ఎక్కువ! మర్నాడు మేడానికి ఫోను చేసి "వచ్చే ఆగస్టుకు ఒక సీసపద్యం నా వంతులో కలుపుదాం, లెక్క సమానమైతది" అన్నారు. ఎర్రగీత దాటకుంటే సరేనన్నారు మేడం.

మీ ఊళ్లో జంట వ్యాఖ్యానం విన్నప్పుడు ఒక పని చేయండి. ఇంటికొచ్చాక, ఏ మాట ఎవరన్నారో గుర్తు చేసుకోండి. గుర్తురాకపోతే ఆ ఇద్దరికీ పని తెలుసని అర్థం. పద్యాలతో సహా గుర్తొస్తే, ఆరోజు మీరు విన్నది మా మైక్ సారునే.