నూరు శాతం తెలుగు వాల్వు

నోటీసులు ఇంగ్లిషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ చెప్పేది. మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తురాని ఆ మాట, ఆడిట్ తేదీ దగ్గరపడగానే కొన్ని యాజమాన్యాలకు పూనకంలా వస్తుంది. అప్పుడిక నోటీసులతో ఆగరు. ఏ పైపు ఎక్కడికి పోతుందో, ఏ వాల్వు ఎవరి మాట వింటుందో చూపే పీ అండ్ ఐడీ డ్రాయింగులు కూడా తెలుగు కావాలంటారు. కొటేషన్‌లో ‘నూరు శాతం తెలుగు’ అని రాసిన ఏజెన్సీకి ఆర్డరు వెళ్తుంది.

ఆ ఏజెన్సీ మాట తప్పేరకం కాదు. రియాక్టరు మీద పాపం ఏళ్ల తరబడి PSV-301A అనే పేరుతో బతుకుతున్న సేఫ్టీ వాల్వుకు ‘పీ.భ.క.-౩౦౧-ఏ’ అని నామకరణం చేస్తుంది. పీడన భద్రతా కవాటమట! తర్వాత P కనబడ్డచోటల్లా ‘పీడనం’ అని ఒక్క నొక్కుతో మార్చేస్తుంది. దాంతో P-101A అనే పంపు ‘పీడనం-101ఏ’ అయి కూర్చుంటుంది. మీటర్ల పేర్లలో మొదటి P అంటే ప్రెషరనీ, యంత్రాల పేర్లలో P అంటే చాలా ప్లాంట్లలో పంపనీ ఆ కంప్యూటరుకు ఎవరు చెప్పారు గనక?

LSLL గతి ఇంకా హాస్యం. ఐఎస్‌ఏ 5.1 ప్రమాణం ప్రకారం అక్షరం అర్థం దాని స్థానాన్ని బట్టి మారుతుంది. మొదటి L మట్టం, S స్విచ్చి, చివరి రెండు L లు ‘మరీ తక్కువ’. ట్యాంకులో మట్టం ప్రమాదకరంగా పడిపోతే పంపును ఆపేది ఇదే. అనువాదంలో అది ‘మట్టం స్విచ్చి మట్టం మట్టం’ అయింది. తాళం వేసి పాడుకోవచ్చు.

ఇంతకీ PSV-301A అన్నది ఆ వాల్వు మెడలో తీగతో కట్టిన స్టీలు బిళ్ల మీద కొట్టి ఉంటుంది. మెయింటెనెన్స్ రికార్డులో, వర్క్ పర్మిట్‌లో, టెస్టు సర్టిఫికెట్‌లో అచ్చం అలాగే ఉంటుంది. వీటిని కలిపి ఉంచే దారం ఆ పేరొక్కటే.

అది తెగితే ఏమవుతుందో చూద్దాం. రియాక్టరు మీద PSV-301A, PSV-301B అని రెండు వాల్వులున్నాయనుకోండి. ఒకటి పనిలో, ఒకటి తయారుగా. A ని విప్పి టెస్టు చేయించారు. గుమాస్తా తెలుగు డ్రాయింగు చూసి ‘పీ.భ.క.-౩౦౧-ఏ’ అని వెతికితే కంప్యూటరు లేదంది. ఆయన బుద్ధిమంతుడు, కొత్త ఎంట్రీ తెరిచి సర్టిఫికెట్ ఎక్కించాడు. మరో షీటు అనువదించినాయన ఏ బదులు ఎ రాశాడు, దానికి ఇంకో ఎంట్రీ, అదే వాల్వు మరుసటి టెస్టుకు ఇంకో సర్టిఫికెట్. ఫైలు తెరిచినవారికి రెండు వాల్వులు, రెండు సర్టిఫికెట్లు. అంతా శుభం. B మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. దాని స్ప్రింగు తుప్పుపట్టిందో లేదో దానికే తెలియాలి.

నిజంగా తెలుగు చేయాల్సినచోట మాత్రం ఈ భాషాభిమానులకు ఓపిక ఉండదు. లెజెండ్‌లో NC కీ FC కీ కలిపి ‘మూసి ఉండును’ అని ఒకే ముక్క. NC అంటే మామూలుగా మూసే ఉంచుతాం అని. కంట్రోల్ వాల్వు కింద రాసిన FC అంటే, దాన్ని నడిపే గాలి ఆగిపోతే తనంతట తాను మూసుకుంటుందని. నడుస్తున్న ప్లాంటులో అది బార్లా తెరిచి ఉండొచ్చు. అదే FC గుండ్రంలో ఉంటే ఫ్లో కంట్రోలర్. ఆపరేటరుకు తెలుగులో విడమరిచి చెప్పాల్సింది ఇదీ. అక్షరాలు అలాగే ఉంచి, పక్కన ‘గాలి పోతే మూసుకుంటుంది’ అని రాస్తే ఎవరి భాషా తరిగిపోదు.

ట్యాగులు ముట్టుకోలేదని ఏజెన్సీ ప్రమాణం చేసినా నమ్మొద్దు. పాత, కొత్త డ్రాయింగుల ట్యాగుల జాబితాలు విడిగా తీసి, వరస పేర్చి, పక్కపక్కన పెట్టి ఎక్సెల్‌లో ఇది కొట్టండి:

```
=EXACT(A2,B2)
=UNICODE(MID(B2,4,1))
```

మొదటిదానికి ఒక్క FALSE వచ్చినా షీటు వెనక్కి పంపాలి. రెండోది PSV తర్వాతి గీత సంగతి చెబుతుంది. మామూలు హైఫన్ అయితే 45 వస్తుంది. 8211 వస్తే దారిలో ఎక్కడో అది పొడుగు గీతగా మారిందన్నమాట. కంటికి రెండూ ఒకటే. వెతికే యంత్రానికి మాత్రం అది వేరే వాల్వు.

ఇదంతా వివరంగా రాసి పంపితే సదరు ఏజెన్సీలు ఏమంటాయో ఊహించడం కష్టం కాదు: ‘ఇబ్బందేముందండీ, ప్లాంటులో బిళ్లలన్నీ మా తెలుగు ప్రకారం మార్పించేయండి. కొటేషన్ విడిగా పంపుతున్నాం.’