“శనిలో శుక్రుడమ్మా!” అను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలం

“శనిలో శుక్రుడమ్మా! మూడేళ్ల రెండు నెలలు. ఉద్యోగం కదులుతుంది, సంబంధం దగ్గరికొస్తుంది. కంగారు పడకండి.”

అవతారిక

కొడుకు జాతకచక్రం పట్టుకొచ్చిన ఒక తల్లితో, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి సిద్ధాంతిగారు సెలవిచ్చిన మహావాక్యం ఇది.

ప్రతిపదార్థం

శనిలో = శని మహర్దశ 19 ఏళ్లలో; శుక్రుడు = శుక్రుని అంతర్దశ; అమ్మా = దక్షిణ ఉన్నది ఆమె చేతనే గనుక ఈ సంబోధన; మూడేళ్ల రెండు నెలలు = శని 19ని శుక్రుని 20తో హెచ్చించి, వింశోత్తరి మొత్తం 120తో భాగించగా వచ్చిన కాలం; కంగారు పడకండి = కంగారు పడదగినదేదో కలదని ధ్వని.

టీక

అబ్బాయిది వృషభ లగ్నం. శని పదింట కుంభంలో స్వక్షేత్రగతుడు, శుక్రుడు పదకొండింట మీనంలో ఉచ్చ. స్వాతి నాలుగో పాదం, పుట్టేనాటికి రాహుదశ శేషం రెండేళ్లు. గురుదశ 16 ఏళ్లూ గడిచి 18 నిండగా శని ప్రవేశించాడు. అందులో శని, బుధ, కేతు అంతర్దశలకు ఆరేళ్ల పది నెలలకు కాస్త తక్కువ పట్టింది. కాబట్టి 25 నిండడానికి రెండు నెలల ముందు శుక్రుడొచ్చాడు, 28 నిండబోయేదాకా ఉంటాడు.

ఉద్యోగమే ఏల కదలవలెనని శంక. శని ఈ లగ్నానికి తొమ్మిది, పది ఇళ్లకు అధిపతి, యోగకారకుడు, పైగా ఉద్యోగస్థానంలోనే తిష్ఠ వేశాడు. శుక్రుడు లగ్నాధిపతే గానీ ఆరో ఇల్లూ ఆయనదే. ఆరంటే కొలువు, అప్పు, తగాదా. లాభంలో ఉచ్చ పట్టాడు గనుక జీతం పెరుగుతుందనాలి, ఆరింటి వాసన పోదు గనుక ఆ జీతం మీద బ్యాంకు లోను కూడా వస్తుందనాలి.

సంబంధం మాట ఎక్కడిది? శుక్రుడు కళత్రకారకుడు, అది అందరూ చెప్పేదే. అసలు ముడి వేరే ఉంది. కుంభంలోని శని పదో చూపు సరిగ్గా వృశ్చికం మీద, అంటే ఏడో ఇంటి మీద పడుతుంది. ఆఫీసు కుర్చీలోంచి లేవకుండానే ఆయన పెళ్లిచూపులకు హాజరౌతున్నాడన్నమాట. కనుక ఇచ్చట ఉద్యోగవార్తా సంబంధవార్తా విడివిడిగా రావు. పోస్టింగు ఏ ఊరో తేలాక మాట్లాడుకుందామని పిల్లవాళ్లంటారు. ఎప్పుడని అడిగితే, ఏడింటి అధిపతి కుజుడు గనుక శుక్రాంతరంలో కుజ ప్రత్యంతరం చూడాలి. అది 11 నెలల 12 రోజులయ్యాక మొదలై, రెండు నెలల ఆరు రోజులే ఉంటుంది. శని దృష్టి ఉండగా అప్పుడు తాంబూలాలు పుచ్చుకుంటే గొప్ప, పెళ్లి ఆ తరువాతే.

ఇక్కడ పూర్వపక్షం లేస్తుంది. శని శుక్రులిద్దరూ బలవంతులైతే ఒకరి దశలో మరొకరి అంతర్దశ కుబేరుడి చేత కూడా బిచ్చమెత్తిస్తుందని, ఇద్దరూ బలహీనులైతే సుఖమని, ఉత్తరకాలామృతం తలకిందులుగా చెబుతుంది. మన అబ్బాయికి ఇద్దరూ వస్తాదులే! శుక్రుడికి ఆరో ఇల్లు ఉంది గనుక దోషం తగ్గిందని తప్పుకునే దారీ ఉంది. సిద్ధాంతిగారు ఏ పక్షమూ తీసుకోలేదు. “పెరుగుతుంది” అనలేదు, “పోతుంది” అనలేదు, “కదులుతుంది” అన్నారు. ప్రమోషన్ వచ్చినా, బదిలీ అయినా, ఉద్యోగమే ఊడినా ఆయన మాట చెల్లుతుంది. ఈ టీకాకారుడి మటుకు నచ్చనిదదే. ఒక పక్షం పట్టి తేదీతో కాగితం మీద పెట్టని జోస్యం తప్పడానికి కూడా పనికిరాదు.

అయితే తేదీ పెట్టడమే కష్టం. చంద్రుడు నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రోజే స్వాతిలో 18 ఏళ్ల రాహుదశగా సాగుతుంది. అంటే జన్మసమయం గంట తప్పితే దశలన్నీ తొమ్మిది నెలలు జరుగుతాయి. ఆసుపత్రి గోడగడియారం పావుగంట ఆలస్యంగా నడిచినా, రెండు నెలల కుజ ప్రత్యంతరం మొత్తం గల్లంతు. ఇక లహరి అయనాంశ వదిలి రామన్ అయనాంశ పట్టుకుంటే, ఉన్న ఒకటిన్నర డిగ్రీల తేడాకే ఈ శుక్రుడు దాదాపు రెండేళ్లు ముందే, 23 నిండుతుండగానే దిగుతాడు. అందుకే తెలిసిన పని చేసేవారు ముందు గడిచినవి అడుగుతారు: గురుదశ పోయి శని వచ్చింది 18లోనా, 16లోనా? ఇంట్లో ఏమైనా మారిందా? చదువు ఆగిందా, ఊరు మారారా? సిద్ధాంతిగారు అడగలేదు. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు.

తాత్పర్యం

ఈ మూడేళ్లలో అబ్బాయి ఆఫీసులోనూ పెళ్లిచూపుల్లోనూ ఏదో ఒకటి జరుగునని భావం. పాతికేళ్ల వాడికి శుక్రుడు లేకున్నా జరుగునని కొందరు.

పాఠాంతరాలు

వీధి దాటకముందే ఈ వాక్యం ఫోనెక్కింది. మేనత్త పాఠం: “ఉద్యోగం పోతుందట.” పెద్దమ్మ పాఠం: “మాఘంలో ముహూర్తమట.” అబ్బాయి పాఠం: “అమ్మా, ఎంత తీసుకున్నాడు?”