మనవడి వాట్సాప్‌కు టీకా తాత్పర్యం

అవతారిక: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మనవడు తెనాలిలో ఉన్న అమ్మమ్మకు ఆమె పుట్టినరోజున పంపిన సందేశమిది. ఆమె కళ్లజోడు వెతుక్కునే లోపల పైకి చదివి వినిపించే భాగ్యం, పెద్దల్లుణ్ణి గనక, ఈ వ్యాఖ్యాతకు దక్కింది.

మూలం: "అమ్మమ్మా, ఇవాళ నీ ఏకాదశి కదా. పాప్‌కార్న్‌తో పేలపిండి చేశా, ముద్దయి కూర్చుంది. చిటికెడు యాలకుల పొడి అన్నావు, ఎవరి చిటికెడు? పూజయ్యాక ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటా."

టీక: నీ ఏకాదశి = ఆషాఢ శుద్ధ ఏకాదశి, అనగా తొలి ఏకాదశి. లోకానికి అది విష్ణుమూర్తి యోగనిద్రకు ఉపక్రమించే రోజు, ఈ ఇంటికి అమ్మమ్మ పుట్టినరోజు. ఆధార్‌లో ఉన్న జూలై 1 బళ్లో వేసిననాడు మేష్టారు తోచినట్టు రాసుకున్న తేదీ. ఆ రోజు శుభాకాంక్షలు చెప్పేది బ్యాంకువాళ్లు మాత్రమే. తిథి ఏటా సుమారు 11 రోజులు ముందే వచ్చేస్తుంది, మధ్యలో అధికమాసం పడితే దాదాపు 19 రోజులు వెనకబడుతుంది. ఫోన్‌లో ఒకసారి తేదీ పెట్టేసి ఊరుకుంటే చాలదు, ఏటా పంచాంగం తిరగెయ్యాలి. పైగా డాలస్ పంచాంగం ఒక్కోసారి ఒకరోజు తేడా చూపిస్తుంది. కుర్రవాడు తెనాలి ఏకాదశినే చూశాడు.

పాప్‌కార్న్ = జొన్నపేలాలకు వచ్చిన అపభ్రంశం. మైక్రోవేవ్ పొట్లంలోది కావడం వల్ల వెన్న, ఉప్పు ముందే పట్టించి ఉంటాయి. పేలాలు పొడిగా ఉండగా విడిగా మెత్తగా కొట్టి, బెల్లం చివర్న కలిపితేనే పిండి రాలుతుంది. జిడ్డు పేలాలనూ బెల్లాన్నీ కలిపి మిక్సీలో తిప్పినవాడికి ముద్ద కాక మరేం మిగులుతుంది?

మేలుకునే ఉంటా = వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. సందేశం వచ్చింది పొద్దున్న 5:30కి, అక్కడ ముందురోజు రాత్రి ఏడు. అమ్మమ్మ పూజ పదింటికి గాని తెమలదు, అంటే అక్కడ పదకొండున్నర.

శంక: ఇందులో "శుభాకాంక్షలు" అన్న మాటే లేదే?

సమాధానం: ఉన్న పాఠాంతరం ఒకటుంది, నిరుడు వచ్చింది. "ఆయురారోగ్య ఐశ్వర్యాలతో మీరు కలకాలం వర్ధిల్లాలని..." కాపీ చేసి అతికించాడు గనక ఫార్వర్డ్ బాణం గుర్తు పడలేదు. "మీరు" మాత్రం దొరికిపోయింది. పుట్టినప్పట్నుంచీ "నువ్వు" అన్న పిల్లాడు ఒక్క రాత్రిలో "మీరు" ఎలా అంటాడు? "ఎవరిదో రాసిపెట్టిన ఉత్తరం వీడికి చేరింది" అని అత్తగారు ఫోన్ బోర్లించేశారు.

తాత్పర్యం: ఎవరి చిటికెడో చెప్పడానికైనా ఆమె ఫోన్ చెయ్యక తప్పదు. చేసింది కూడా, పూజ తెమలకముందే, 7:10కి. "వెన్న పూసినవాటితో ఎవడ్రా చెయ్యమన్నది?" అన్నదే మొదటి మాట.