అర్ధరాత్రి దాటితే రోజు మారదు

మా రోజుల్లో గుడివాడ రైసుమిల్లులో మస్టరు నా బల్ల మీదే ఉండేది. రాత్రి షిఫ్టు వాడు ఎక్కిన వేళా, దిగిన వేళా ఒకే గడిలో రాసేవాణ్ణి. తెల్లారి దిగినా ఆ గంటలన్నీ ఎక్కిన రోజు ఖాతాలోకే పోయేవి. 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షను చెప్పిందీ అదే. ఇప్పుడు మస్టరు ఫోన్లోకి పోయింది, లెక్క చూసే మనిషి పోయాడు.

మొన్న అవనిగడ్డ నుంచి వచ్చి మిల్లులో చేస్తున్న ఒక కుర్రాడు, "తాతయ్యా, డబ్బులు తగ్గినట్టున్నాయి, కాస్త చూడండి" అని స్క్రీన్‌షాట్లు చూపించాడు. సోమవారం నుంచి గురువారం దాకా పగలు 8 నుంచి 5 వరకు పని. శుక్రవారం రాత్రి 8కి ఎక్కి, శనివారం ఉదయం 6:30కి దిగాడు. రోజూ అరగంట భోజన విరామం, దానికి కూలి లేదు. పగలు గంటకు 60 రూపాయలు, రాత్రి 70. ఒక రోజులో 9 గంటలు దాటితే రెట్టింపు అన్నది ఆ మిల్లు పద్ధతే. చేతికొచ్చింది 2,692.

కాగితం తీసి మళ్లీ వేశాను. పగటి పని రోజుకు ఎనిమిదిన్నర గంటలు, నాలుగు రోజులకు 34, అంటే 2,040 రూపాయలు. తెర మీద 8:30 అని ఉన్నదాన్ని ఎవరో 8.30గా కొట్టి, నాలుగింతలు చేసి 33.20 గంటలకే డబ్బు కట్టారు. అక్కడ 48 రూపాయలు పోయాయి. అరగంట అంటే 30 నిమిషాలు, గంటలో సగం. లెక్కలో అది 8.5.

ఇక రాత్రి. విరామం పోగా 10 గంటలు. యాప్ దాన్ని అర్ధరాత్రి దగ్గర తెంచి శుక్రవారం 4, శనివారం 6 అని చూపింది. ఏ రోజూ 9 దాటలేదు కనుక ఓటీ సున్నా. కలిపి చూస్తే 9 గంటలకు 630, పదో గంటకు 140, వెరసి 770. వారం మొత్తం 44 గంటలే, 48 దాటలేదు గనక అక్కడ వేరే ఓటీ రాదు. రావలసింది 2,810. అంటే 118 రూపాయలు తక్కువ.

నాకు ఇంకా మండేది విరామం విషయంలో. మనిషి బాయిలర్ వదలకుండా, నిప్పు చూసుకుంటూ అన్నం తిన్నా యాప్ అరగంట కోసేస్తుంది. కదలనివ్వని విరామం విరామం కాదు, అది పనే. మా మేస్త్రీ అలాంటి రోజున వచ్చి చెప్పేవాడు, నేను ఆ అరగంట కలిపేవాణ్ణి.

దివిసీమ నుంచి, బందరు నుంచి షిఫ్టులకు వచ్చే పిల్లలూ, స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు విరామం గడి తెగిపోకుండా తియ్యండి. ఎక్కిన వేళ, దిగిన వేళ, తిన్నారా లేదా అన్నది ఏ రోజుది ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకోండి. డబ్బులు పడ్డ రోజునే అడగండి.