గ్రూపు ఫోటో, గ్రూపులో ఫోటో

మా రోజుల్లో బడిలో ఏడాదికి ఒక్కసారే ఫోటో తీసేవాళ్లు. స్టూడియో ఆయన ముక్కాలి స్టాండు మోసుకొచ్చి, నల్లగుడ్డ కప్పుకుని, "కదలొద్దర్రా" అని కేకేసేవాడు. నెగెటివ్ ఆయన దగ్గరే ఉండేది. కాపీ కావాలంటే డబ్బులు కట్టి తెచ్చుకోవాలి. కట్టలేని ఇంటికి ఆ ఫోటో వెళ్లేదే కాదు. వెళ్లిన ఇళ్లలోనూ గోడకో, ట్రంకుపెట్టెలోకో చేరేది. అది ఎవరి దగ్గరుందో ఊళ్లో అందరికీ తెలుసు.

మొన్న మా మనవరాలి బడిలో వార్షికోత్సవం జరిగింది. డాన్సు అయిన పది నిమిషాలకే ఎవరో తండ్రి నలభైకి పైగా ఫోటోలు రెండో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మా కోడలు చూపిస్తే నేనూ మురిసిపోయాను. సాయంత్రం పక్క వీధి అమ్మాయి ఇంటికొచ్చింది. నేను చదువు చెప్పిన పిల్లే. "మాస్టారూ, మా పాపున్న ఫోటో తీసేయమని చెప్పించండి" అంది. భర్తతో కోర్టులో గొడవ నడుస్తోంది, పాపను ఏ బడిలో చేర్చిందో అవతలివాళ్లకు తెలియకూడదని ఊరు మారి వచ్చింది.

అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఫోటో మళ్లీ చూశాను. పాప గౌను మీద పిన్నుతో గుచ్చిన అట్టముక్క, దాని మీద పేరు, తరగతి, సెక్షను. వెనక బ్యానరు మీద బడి పేరు, ఊరు. ఇంకేం కావాలి వెతికేవాడికి?

పెట్టినాయన మంచివాడే, అడగ్గానే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కాడు. గ్రూపులోంచి పోయింది. కానీ ఈలోపు దాచుకున్నవాళ్ల ఫోన్లలో ఉండిపోయింది, ముందే వేరేవాళ్లకు పంపినవాళ్లు పంపేశారు. వాటిని వెనక్కి లాగే మీట ఏదీ లేదు. మా కోడలి ఫోన్ గ్యాలరీలోనే ఆ ఫోటో కనిపిస్తే దగ్గరుండి తీయించాను. నెగెటివ్ ఒక్కచోట ఉన్న కాలానికీ ఇప్పటికీ తేడా అక్కడుంది.

బడివాళ్లను అడిగితే అడ్మిషన్ ఫారం చూపించారు. చివరి పేజీలో ఇంగ్లీషులో ఒక్క వాక్యం: విద్యార్థి ఫోటోలను సంస్థ ఏ అవసరానికైనా వాడుకోవచ్చునట. దానికింద సంతకం. సంతకం పెట్టకపోతే సీటే లేదు, ఇది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం వాడాలంటే సంస్థ తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. ఆ సమ్మతి దేనికోసమో విడిగా చెప్పి అడగాలి, తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థలు సర్దుకోవడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అయితే ఎవరికివారు ఇంటి అవసరానికి తీసుకున్న ఫోటోలకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి గ్రూపులో పెట్టే తండ్రి చేతిని చట్టం వచ్చి ఆపుతుందని ఎవరూ కూర్చోకూడదు. అది బడీ, తల్లిదండ్రులూ ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి.

నలభై ఏళ్లు బడిలో పనిచేసినవాణ్ణి, ఊరికే విసుక్కుని ఊరుకోలేక హెడ్ మిస్ట్రెస్ గారి దగ్గర కూర్చుని కాగితం రాయించాను. అందులో ఇలా ఉంది:

"వార్షికోత్సవంలో మీ పిల్లలున్న ఫోటోలను 2వ తరగతి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టవచ్చునా? అవును / వద్దు. బడి ప్రచార ఫ్లెక్సీలో, ఇంటర్నెట్‌లో వాడవచ్చునా? అవును / వద్దు. పేరు, తరగతి కనిపించే ఫోటో పెట్టం. వద్దన్నా మీ పిల్లలు అన్ని కార్యక్రమాల్లోనూ ఉంటారు. తర్వాత మనసు మారితే క్లాస్ టీచరుకు ఒక మాట చెప్పండి, మా దగ్గరున్నది తీసేస్తాం. అప్పటికే ఇతరుల ఫోన్లలోకి వెళ్లినదాన్ని మేం తీయలేం."

ఆ చివరి వాక్యం వద్దన్నారు ఆవిడ, తల్లిదండ్రులు భయపడతారని. ఉండాల్సిందేనని పట్టుబట్టాను. ఆ సంగతి తెలియకుండా పెట్టిన "అవును"కు విలువేముంది? ఇంకోటి, గ్రూపుకూ ఫ్లెక్సీకీ ఒకే గడి పెడదామన్నారు. నలభై ఇళ్లవాళ్లు చూడటమూ, నాలుగు రోడ్ల కూడలిలో ఏడాదిపాటు వేలాడటమూ ఒకటెలా అవుతాయి?

వద్దన్నవాళ్ల పిల్లలను ఫోటో తీసే సమయానికి పక్కకు నెట్టేస్తారేమోనన్నదే నా బెంగ. అందుకని డాన్సు అందరూ కలిసే చేస్తారు, ఫోటోల మాట తర్వాత. వద్దన్న పిల్లల పట్టీ టీచరు దగ్గరుంటుంది. గ్రూపులోకి పోయే ఫోటోలు ఆవిడ చూశాకే పోవాలి, అట్టముక్కలు స్టేజీ దిగాక తీసేయాలి. తల్లిదండ్రులు మాత్రం సొంత పిల్లల్నే తీసుకోవాలని, పక్కపిల్లలు పడితే గ్రూపులో పెట్టేముందు వాళ్ల అమ్మానాన్నలను అడగాలని గేటు దగ్గర రాసిపెట్టించాం.

పక్క వీధి అమ్మాయి రెండు చోట్లా "వద్దు" అని గీత పెట్టింది. వచ్చే నెల స్పోర్ట్స్ డేకి వాళ్ల పాప పరుగు పందెంలో ఉంది.